డెమోలో ఏ వస్తువు ఎప్పుడు బయటికి తీయాలి: ట్యాంకు సెన్సర్ ఉదాహరణతో

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో చిన్న కంపెనీ. అపార్ట్‌మెంట్ ట్యాంకు నిండగానే మోటార్ ఆపేసే కంట్రోలర్ చేశాం. నీళ్లను తాకని అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో పనిచేస్తుంది. వచ్చే నెల రాణీగంజ్ మోటార్ డీలర్లకు 20 నిమిషాల డెమో ఉంది, 24 మంది దాకా వస్తారు. స్లైడ్లు 16 ఉన్నాయి. చూపించడానికి ఉప్పు పట్టిన పాత ప్రోబ్, మా సెన్సర్, కంట్రోలర్ బాక్స్, ఒక అక్రిలిక్ ట్యాంకు ఉన్నాయి. అన్నీ ముందే టేబుల్ మీద పెట్టాలా? స్లైడ్ ముందు రావాలా, వస్తువు ముందు రావాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

ముందే పెట్టకండి. టేబుల్ మీద నాలుగు వస్తువులు కనిపిస్తుంటే డీలర్లు మీ మొదటి స్లైడ్‌కే వాటిని మనసులో విప్పేసి, ధర కూడా అంచనా వేసేసుకుంటారు. ఇరవయ్యేళ్లుగా మోటార్లు అమ్ముతున్నవాళ్లు వాళ్లు. వాళ్ల చూపు ఒకసారి టేబుల్ మీదికి వెళ్లిందంటే మళ్లీ తెర మీదికి తేవడం కష్టం. ఒక్కో వస్తువు దాని వంతు వచ్చినప్పుడే బయటికి రావాలి, పని అయ్యాక లోపలికి వెళ్లాలి.

స్లైడ్ ముందా వస్తువు ముందా అన్నదానికి అన్నిటికీ ఒకే జవాబు లేదు. ఆ వస్తువు ఏం పని చేస్తోందో చూసి తేల్చుకోవాలి. సమస్యకు సాక్ష్యంగా తెచ్చిన వస్తువైతే అదే ముందు రావాలి, లెక్కలు, ఫొటోలు తర్వాత. జనం మనసులో ఇప్పటికే ఒక ప్రశ్న ఉండి దానికి ఆ వస్తువు జవాబు అయితే, ముందు స్లైడ్‌తో ఆ ప్రశ్న లేపాలి, ఆ తర్వాతే వస్తువు తీయాలి. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌బుక్ ఎయిర్ చూపించినప్పుడు వరుస ఇదే. ఆఫీసుల్లో తిరిగే కవర్‌లో పడుతుందని ముందు చెప్పి, తెర మీద ఆ కవర్ బొమ్మ చూపించాడు. నిజం కవర్ చేతిలోకి తీసుకుని అందులోంచి కంప్యూటర్ లాగింది ఆ తర్వాతే. కవర్ ముందే టేబుల్ మీద పడి ఉంటే అది వట్టి కవరే అయ్యేది.

సమయం ఎంత ముఖ్యమో చెప్పే ఉదంతం ఇంకొకటి ఉంది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక కూలిపోయింది. విచారణ కమిషన్‌లో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, ఆ నౌక రాకెట్ అతుకులకు సీలుగా వేసిన రబ్బరు రింగు చలికి సాగే గుణం పోగొట్టుకుంటుందని చూపించడానికి ఫిబ్రవరి 11న బహిరంగ విచారణకు చిన్న క్లాంపు తెచ్చుకున్నాడు. రింగు ముక్కను అందులో బిగించి, తన ముందున్న గ్లాసులోని ఐసు నీళ్లలో వేసుకుని కూర్చున్నాడు. మాట్లాడదామని మైకు బటన్ దగ్గరికి చెయ్యి పోనిస్తే, పక్కనే ఉన్న జనరల్ కుటినా ఇప్పుడే వద్దని ఆపాడు. అవతల మాట్లాడుతున్న అధికారి ఫలానా స్లైడ్‌కు వచ్చినప్పుడు చెయ్యమని కాగితాల్లో చూపించాడు. ఆ స్లైడ్ వచ్చాకే ఫైన్‌మన్ రింగు బయటికి తీశాడు. అప్పటికి గదిలో అందరూ ఆ సీళ్ల గురించే ఆలోచిస్తున్నారు కాబట్టి, క్లాంపు వదులు చేసినా రబ్బరు వెంటనే మళ్లీ ఉబ్బకపోవడం అందరికీ అర్థమైంది. పది నిమిషాల ముందు చేసి ఉంటే మధ్యలో అడ్డు తగిలిన మనిషిలా మిగిలిపోయేవాడు. ఇందులో మీకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. రింగు చల్లబడటానికి టైం కావాలి కాబట్టి అది ముందే నీళ్లలో ఉంది. చూపించే క్షణం వేరు, దాని తయారీ మొదలయ్యే క్షణం వేరు. మీ ప్లాన్‌లో ఆ రెండూ విడివిడిగా రాసుకోవాలి.

ఇక మీ నాలుగు వస్తువుల దగ్గరికి వద్దాం.

మొదట పాత ప్రోబ్. టైటిల్ స్లైడ్ తర్వాత వెంటనే ఒక ఖాళీ నల్ల స్లైడ్ పెట్టండి. స్లైడ్ షోలో B నొక్కినా తెర నల్లబడుతుంది, కానీ నేను నల్ల స్లైడే పెట్టుకోమంటాను. ఆ స్లైడ్ నోట్స్‌లో 'ప్రోబ్ తియ్యి' అని రాసుకోవచ్చు. టెన్షన్‌లో ఉన్నప్పుడు మళ్లీ ఏది నొక్కాలా అని వెతుక్కునే పని ఉండదు, మామూలుగా ముందుకు నొక్కితే చాలు. ఒక్కటి చూసుకోండి: హాల్లో లైట్లు తగ్గించి ఉంటే, తెర నల్లబడగానే మీ చేతులు కూడా చీకట్లో పడతాయి. మీ టేబుల్ మీది లైట్ వెలిగే ఉండాలని హోటల్ వాళ్లకు ముందే చెప్పండి.

ప్రోబ్‌ను తెల్ల గుడ్డ మీద పెట్టకండి, ఉప్పు కనబడదు. ముదురు నీలం గానీ నలుపు గానీ గుడ్డ వేయండి. స్టీలు కడ్డీ చుట్టూ కట్టిన తెల్లటి గరుకు పొర అప్పుడే తేలుతుంది. ఎన్నాళ్లు బోరు నీళ్లలో ఉందో, ఏ ఏరియా ట్యాంకులోదో చెప్పండి. గోరుతో గీకి ఒక పెచ్చు రాలనివ్వండి. ఒక్క నిమిషం చాలు. వారంటీ అంటూ తిరిగొచ్చే ఇలాంటి ప్రోబ్‌లు వాళ్ల షాపుల్లో కౌంటర్ కింద ఉండే ఉంటాయి, మీరు ఎక్కువ చెప్పక్కర్లేదు. సమస్య గురించిన మూడు స్లైడ్లు దాని తర్వాత రావాలి. ఇప్పుడు మీ దగ్గర అవి ప్రోబ్‌కు ముందు ఉండి ఉంటాయి. వెనక్కి జరపండి. ప్రోబ్ చూశాక ఆ స్లైడ్లలో సగం మాటలు అనవసరం అనిపిస్తే తీసేయండి.

పని అయిన వస్తువు లోపలికి వెళ్లాలన్నాను కదా, ప్రోబ్ ఒక్కటే దానికి మినహాయింపు. సెన్సర్ బయటికి వచ్చేదాకా అది ఆ గుడ్డ మీదే ఉండాలి, ఎందుకంటే రెండూ పక్కపక్కన ఒక్క క్షణం కనబడాలి. ఆ పోలిక కాగానే రెంటినీ తీసేయండి.

సెన్సర్ దగ్గర వరుస తిరగబడుతుంది. దాని తల రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. చేత్తో పైకెత్తి పట్టుకుంటే రెండో వరస దాటాక ఎవరికీ ఏమీ తెలియదు. కాబట్టి ముందు తెర మీద పెద్ద ఫొటో వేసి, 'నీళ్లను తాకకుండా మట్టం ఎలా తెలుస్తుంది?' అన్న ప్రశ్న ఒక్కటే పెట్టండి. ఆ తర్వాత నల్ల స్లైడ్, అప్పుడు నిజం సెన్సర్. చేతికివ్వకుండా డీలర్లు ఊరుకోరు. ఒక్క పీసు 24 మంది చేతుల్లో తిరగాలంటే, మనిషికి 15 సెకన్లు అనుకున్నా 6 నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఎవరో ఒకరు తల దించుకునే ఉంటారు. కనెక్షన్ లేని మూడు పీసులు తెచ్చుకోండి, 2 నిమిషాల్లో తిరిగేస్తాయి. ఇవ్వడం వెనక వరస నుంచి మొదలుపెట్టండి, ముందు వరస వాళ్లకు ఎలాగూ మీ చేతిలోది కనిపిస్తుంది. ఆ 2 నిమిషాల్లో తెర మీద బరువైన విషయం వద్దు. సెన్సర్ శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైం కొలుస్తుందన్న సాదా బొమ్మ సరిపోతుంది. ట్యాంకుకు బిగించిన సెన్సర్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

అసలు కథ ట్యాంకుది. దీని మీదే ఎక్కువ పని పెట్టాలి, ఇలాంటి డెమోలు చెడేది కూడా ఇక్కడే.

ముందు ట్యాంకు ఎత్తు చూడండి. బజార్లో దొరికే మామూలు వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు తన ముందు 20 నుంచి 25 సెం.మీ. దాకా ఏదీ సరిగా తెలియదు. అపార్ట్‌మెంట్ ట్యాంకులో ఇది ఎవరూ పట్టించుకోరు, కానీ మీది 30 సెం.మీ. ఎత్తు అక్వేరియంలాంటి డబ్బా అయితే దాదాపు మొత్తం ఆ గుడ్డి ప్రాంతంలోనే పడుతుంది. అంకెలు పిచ్చిపిచ్చిగా మారుతుంటే వైర్ లూజేమో అనుకుని వెతుకుతారు. వైర్‌లో ఏమీ ఉండదు. 60 సెం.మీ. ఎత్తు ట్యాంకు తీసుకుని సెన్సర్ పై అంచుకు బిగించండి. నిండినట్టు గీత అడుగు నుంచి 30 సెం.మీ. దగ్గర పెట్టుకుంటే సెన్సర్‌కూ నీళ్లకూ మధ్య గీత దాకా నిండినా 30 సెం.మీ. ఉంటుంది. అడుగు కొలత 30 × 30 సెం.మీ. ఉంచండి. మరీ సన్నటి గొట్టంలాంటిది తీసుకుంటే శబ్దం గోడలకు తగిలి తప్పుడు అంకెలు వస్తాయి.

ఇప్పుడు టైం లెక్క. ఈ కొలతల్లో 1 సెం.మీ. మట్టం పెరగాలంటే 0.9 లీటరు కావాలి. చిన్న 12 వోల్టుల పంపు నిమిషానికి 4 లీటర్లు ఇస్తుందనుకుందాం. 10 సెం.మీ. నుంచి 30 సెం.మీ. దాకా నింపి చూపిద్దామంటే 18 లీటర్లు, అంటే నాలుగున్నర నిమిషాలు. అంతసేపు నీళ్లు ఎక్కడాన్ని ఎవరూ చూడరు, ఫోన్లు తీస్తారు. అందుకని హాల్లోకి జనం రాకముందే 27 సెం.మీ. దాకా నింపి, ముదురు గుడ్డ కప్పి ఉంచండి. మిగిలిన 3 సెం.మీ.కు 2.7 లీటర్లు, సుమారు 40 సెకన్లు. మీరు మాట్లాడుతుండగా అందరి కళ్లూ నీళ్ల మీద నిలిచే సమయం అంతే. మీ పంపు నిజంగా ఎంత ఇస్తుందో బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచి, ఈ లెక్క మీ అంకెలతో మళ్లీ వేసుకోండి. నీళ్లలో కొంచెం నీలం రంగు కలపండి, లేకపోతే వెనక వరసకు మట్టం కనబడదు. రంగు వల్ల సెన్సర్‌కు తేడా ఏమీ రాదు. 30 సెం.మీ. దగ్గర ఎర్ర టేపు, దానికి 1 సెం.మీ. పైన ఇంకో టేపు అంటించండి. ఆ రెండోదాని సంగతి కింద చెప్తాను.

పైపు ఎక్కడ వదలాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. పైనుంచి దబదబా పడితే అలలు లేచి అంకె ఎగిరెగిరి పడుతుంది. అది చూసి చాలామంది పైపు కొసను నీళ్లలో ముంచేస్తారు. అప్పుడు ఇంకో సమస్య. బకెట్, పంపు టేబుల్ కింద ఉంటాయి కాబట్టి పంపు ఆగిన మరుక్షణం నీళ్లు అదే పైపులో వెనక్కి దిగడం మొదలుపెడతాయి. మట్టం ఎర్ర గీత నుంచి కిందికి జారుతుంది. ఆన్, ఆఫ్ మట్టాల మధ్య ఎడం తక్కువగా పెట్టి ఉంటే కంట్రోలర్ మోటార్‌ను మళ్లీ ఆన్ చేస్తుంది. ట్యాంకు నిండగానే ఆపేస్తుందని మీరు చెబుతుండగా అది ఆగి, మొదలై, ఆగి, మొదలవుతూ ఉంటుంది. పైపు మీద నీళ్లను వెనక్కి రానివ్వని చిన్న ఎన్ఆర్‌వీ పెట్టండి, లేదా పైపు కొసను ఎర్ర గీతకు పైనే ఉంచి నీళ్లు మూలన గోడ వెంట జారేలా బిగించండి. నేనైతే గోడ వెంట జారే ఏర్పాటే ఎంచుకుంటాను. చెడటానికి అందులో ఏమీ లేదు.

ఆగినట్టు హాలంతటికీ ఎలా తెలుస్తుంది? కంట్రోలర్ లోపలి రిలే చప్పుడు మీకే వినబడదు. పంపు కరెంటును ఒక కాంటాక్టర్ గుండా ఇప్పించండి. అది పడేటప్పుడు టక్‌మనే చప్పుడు మోటార్ డీలర్లకు రోజూ వినే చప్పుడే, ఎవరూ వివరించక్కర్లేదు. పక్కన ఎర్ర లైటు ఒకటి పెడితే వెలుగు ఆరడం కూడా కనిపిస్తుంది. కాంటాక్టర్ కాయిల్ 230 వోల్టులది అయితే మూసిన పెట్టెలో, బకెట్‌కు దూరంగా, రెండో వైపు ఉంచండి. నీళ్ల దగ్గర 12 వోల్టుల వైర్లు మాత్రమే ఉండాలి. 'ఇది బొమ్మ పంపు, 2 హెచ్‌పీ మోటార్ లాగుతుందా?' అని తప్పకుండా అడుగుతారు. ఆ కాంటాక్టర్‌నే చూపించి మాట్లాడొచ్చు.

ఇక ఇది ఎప్పుడు? కంట్రోలర్ స్లైడ్ అయ్యాక నల్ల స్లైడ్. మీ సహాయకుడు గుడ్డ తీస్తాడు. మీరు ఎర్ర గీత చూపించి, ముందు వరసలో ఒక పెద్దాయనను పిలిచి స్టార్ట్ బటన్ ఆయన చేతనే నొక్కించండి. గుడ్డ కింద ఏదో తిరుగుతోందన్న అనుమానం ఎవరికీ రాకూడదంటే మొదలుపెట్టేది మీరు కాకూడదు. నీళ్లు ఎక్కే 40 సెకన్లలో మాట్లాడాల్సింది వాచ్‌మన్ గురించి: నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఏరియాలో మోటార్ వేసి మర్చిపోవడం, ట్యాంకు పొర్లి మెట్లమీద నీళ్లు కారడం, పైవాళ్లు ఫోన్ చేయడం. దానికి మీ దగ్గర స్లైడ్ ఉంటే తీసేయండి, నోటితో చెప్పండి. నీళ్లు గీతకు అర సెంటీమీటరు దూరంలో ఉండగా మాట ఆపేయండి. 7 సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. టక్. ఆ తర్వాత కూడా రెండు సెకన్లు ఆగి, అప్పుడే ముందుకు నొక్కండి. ఓనర్ ఫోన్‌కు వచ్చే మెసేజ్ బొమ్మ ఆ స్లైడ్‌లో ఉండాలి. ఈ స్లైడ్ పొరపాటున చప్పుడు కంటే ముందు వచ్చిందంటే ఆ 40 సెకన్ల పని మొత్తం వృథా. రిమోట్‌ను ఆ సమయానికి టేబుల్ మీద పెట్టేయమని మా వాళ్లకు చెప్తుంటాను.

నీళ్లు తగ్గినప్పుడు మోటార్ మళ్లీ ఆన్ అవడం కూడా చూపిద్దామనిపిస్తుంది. వద్దు. దానికి చాలా లీటర్లు బయటికి వదలాలి, అంతసేపు ఎవరూ ఆగరు. దానికి ఒక గ్రాఫ్ స్లైడ్ చాలు.

ఆగకపోతే? రెండో టేపు అందుకే. ఎర్ర గీత నుంచి దానిదాకా ఎక్కడానికి 13, 14 సెకన్లు పడుతుంది. నీళ్లు ఆ టేపును తాకితే సహాయకుడు ఎవరినీ అడగకుండా చేతి స్విచ్‌తో ఆపేయాలి. ఈ నిర్ణయం ముందే అయిపోవాలి, హాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. మీరు 'ఇప్పుడు ఆగలేదు, కారణం చూసి టీ టైంలో మళ్లీ చేసి చూపిస్తాం' అని చెప్పి, ఇదే ట్యాంకుతో ముందు తీసిన అర నిమిషం వీడియో వేయండి. ఆ వీడియో చివరి స్లైడ్ తర్వాత సిద్ధంగా ఉండాలి. దాని స్లైడ్ నంబరు టైప్ చేసి ఎంటర్ కొడితే నేరుగా అక్కడికి వెళ్లొచ్చు కాబట్టి ఆ నంబరు కాగితం మీద పెద్దగా రాసుకోండి. టేబుల్ తడవకుండా 33 సెం.మీ. దగ్గర ఒక రంధ్రం చేసి బకెట్‌లోకి పైపు వేయండి. నిండిన ట్యాంకు 27 కిలోల నీళ్లు, డబ్బా బరువు అదనం. ప్లాస్టిక్ మడత టేబుల్ మీద పెట్టకండి.

కంట్రోలర్ బాక్స్ గురించి తక్కువే ఉంది. మూత తీసి లోపల చూపించడం ఒక అర నిమిషం, అంతకంటే వద్దు. కానీ ట్యాంకుకు పెట్టిన కంట్రోలర్‌కు మాత్రం మీరు టైటిల్ స్లైడ్ వేసే ముందే కరెంటు ఇచ్చి ఉంచాలి. వైఫైకి తగులుకోవడానికి ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది, ఆ నిమిషం ఎవరికీ కనబడకూడదు. హోటల్ వైఫై నమ్ముకోకండి, మీ ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. ఇలాంటి బోర్డులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి, కొత్త ఫోన్లు 5లో హాట్‌స్పాట్ ఇస్తుంటాయి. సెట్టింగ్స్‌లో మార్చి పెట్టుకోండి.

వీటన్నిటికీ ఒక్క పేజీ కాగితం తయారు చేయండి. ఒక్కో వస్తువుకు ఒక వరస: ఏ మాట విన్నాక బయటికి రావాలి, అంతవరకు ఎక్కడ ఉంటుంది, ఎవరు తీస్తారు, దానికంటే ముందు ఏం మొదలై ఉండాలి, ఎప్పుడు లోపలికి పోవాలి. గుర్తుగా స్లైడ్ నంబరు రాయకుండా మాటే రాయమనడానికి కారణం ఉంది. మధ్యలో ఒక డీలర్ ధర అడుగుతాడు, మీరు రెండు స్లైడ్లు దాటవేస్తారు, నంబర్లు లెక్కపెట్టుకుంటున్న సహాయకుడు తికమకపడతాడు. 'ఇక నీళ్లతోనే చూద్దాం' అన్న మాట మాత్రం మీరు ఎటు తిరిగి వచ్చినా ట్యాంకు దగ్గరే అంటారు.

మీ జాబితాలో లేని ఐదో వస్తువు ఒకటి చేర్చండి: షాపుకు పంపే సీలు వేసిన అట్టపెట్టె. డీలర్ మార్జిన్ స్లైడ్ వేసినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండకూడదు, వాళ్లు అంకెలు చదువుకోవాలి. చదవడం అయ్యాక పెట్టెను టేబుల్ అంచున, పేరు వాళ్లకు కనబడేలా పెట్టండి. వాళ్లు దాని సైజు చూసి షెల్ఫులో ఎన్ని పడతాయో లెక్కవేసుకుంటారు, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. ప్రశ్నల సమయంలో అన్ని వస్తువులూ టేబుల్ మీదికి తేవచ్చు, ట్యాంకులో నీళ్లు మళ్లీ 27 సెం.మీ.కు దించి సిద్ధంగా పెట్టమని సహాయకుడికి చెప్పండి. ఇద్దరు ముగ్గురు వాళ్ల చేత్తోనే ఇంకోసారి నొక్కి చూస్తామంటారు.